నాపరాయి మీద పునాది: ఆర్‌క్యూడీ 24 వస్తే ఆ బండ పనికిరానట్టేనా?

క్లుప్తంగా: బోరు వేసి తీసిన రాతి కడ్డీలో 10 సెంటీమీటర్లకు తగ్గని ముక్కల వాటాను ఆర్‌క్యూడీ అంటారు. రాయి బలం, పగుళ్ల మధ్య దూరం, పగుళ్ల స్థితి, నీరు కూడా కలిపి నూటికి వేసే మార్కులు ఆర్‌ఎంఆర్. కడప, కర్నూలు నాపరాయి పొరల్లో మొదటి అంకె బండను ఉన్నదానికంటే చెడ్డగా చూపించగలదు. అనంతపురం గ్రానైట్‌లో అదే అంకె ఉన్నదానికంటే మంచిగా చూపించగలదు. పునాది మీద ఎంత బరువు వేయవచ్చన్నది ఎక్కువగా పగుళ్ల మధ్య ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల చాలాచోట్ల కొద్ది లోతు తవ్వగానే బండ తగులుతుంది. బండ పడిందంటే పునాది గురించి ఇక టెన్షన్ లేదనుకోవడం అలవాటు. మామూలు ఇంటికి ఆ ధీమా సరిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు, వంతెన, గాలిమర, ఏడెనిమిది అంతస్తుల భవనం లాంటి వాటికి మాత్రం బోర్లు వేసి, రాతి కోర్ తీసి, నివేదిక ఇస్తారు. తికమక అక్కడే మొదలవుతుంది. ఒక పేజీలో ‘ఆర్‌క్యూడీ 24 శాతం, చాలా పేలవం’ అని ఉంటుంది. కొన్ని పేజీల తర్వాత అదే బండకు ‘ఆర్‌ఎంఆర్ 53, మధ్యస్థం’ అని, చదరపు మీటరుకు 200 టన్నులకు పైగా భారం వేయవచ్చని ఉంటుంది. చదివినవాళ్లకు రెండింటిలో ఒకటి తప్పై ఉంటుందనిపిస్తుంది. రెండూ సరైనవే కావచ్చు, ఎందుకంటే అవి కొలిచేది ఒకే సంగతిని కాదు.

పది సెంటీమీటర్ల గీత

ఆర్‌క్యూడీని 1960ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాన్ డీర్ రూపొందించాడు. లెక్క చాలా సులువు. ఒక విడతలో ఎంత లోతు బోరు వేశారో ఆ పొడవు తీసుకోవాలి. బయటికి వచ్చిన కోర్‌లో 10 సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్న ముక్కల పొడవులన్నీ కూడి ఆ పొడవుతో భాగించాలి. వచ్చిన శాతం 25 కంటే తక్కువైతే చాలా పేలవం, 25 నుంచి 50 పేలవం, 50 నుంచి 75 మధ్యస్థం, 75 నుంచి 90 మంచిది, ఆపైన చాలా మంచిది.

సులువైన లెక్కే అయినా కోర్ తీసే పద్ధతి మీద ఫలితం బాగా మారుతుంది. కోర్ వ్యాసం కనీసం 54.7 మిల్లీమీటర్లు, అంటే ఎన్‌ఎక్స్ సైజు ఉండాలి. డబుల్ ట్యూబ్ బ్యారెల్ వాడాలి. సింగిల్ ట్యూబ్‌తో తీస్తే లోపలి గొట్టమంటూ ఉండదు కాబట్టి నీళ్ల ఒరవడి, కుదుపు నేరుగా రాయికి తగిలి మంచి బండ కూడా ముక్కలవుతుంది. బోరు మిషన్ వల్లో, పెట్టెలో సర్దేటప్పుడో విరిగిన చోట్లను విరుపుగా లెక్కించకూడదు. అలాంటి విరుపు ముఖం తాజాగా, మెరుస్తూ ఉంటుంది, రెండు ముక్కలూ చక్కగా అతుకుతాయి. వాటిని కలిపి ఒకే ముక్కగా కొలవాలి. బండలో ముందునుంచీ ఉన్న పగులు ముఖం మీద రంగు మారి ఉంటుంది, మట్టి మరకో సున్నపు పూతో కనిపిస్తుంది.

పైనుంచి కిందికి వేసిన బోరు అడ్డంగా ఉన్న పొరలన్నిటినీ కోసుకుంటూ పోతుంది. నాపరాయికి సంబంధించి దీనికి మించిన విషయం లేదు. కర్నూలు శిలాసమూహంలోని నర్జి సున్నపురాయి చాలాచోట్ల దాదాపు సమతలంగా పరిచిన పలుచని పొరలుగా ఉంటుంది. గనుల్లో పనివాళ్లు ఉలి, సుత్తితో పొరల వెంట చీల్చి గచ్చు బండలు తీయగలిగేది అందుకే. ఆ చీలే గుణమే కోర్ పెట్టెలో చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తుంది.

ఒక కోర్ పెట్టె, రెండు లెక్కలు

అంకెలతో చూస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. నాపరాయి ప్రాంతంలో ఓవర్‌హెడ్ ట్యాంకు కడుతున్నారనుకుందాం. కింది అంకెలు వివరణ కోసం ఊహించినవే, అయితే అలాంటి బండకు సహజమైనవే. పునాది 3 మీటర్ల లోతున. అక్కడినుంచి 4.5 మీటర్ల దాకా ఒక విడత కోర్ తీశారు. తవ్విన పొడవు 150 సెంటీమీటర్లు. పెట్టెలోకి వచ్చిన ముక్కలు పదిహేడు, వాటి మొత్తం పొడవు 141 సెంటీమీటర్లు. అంటే కోర్ రికవరీ 94 శాతం. బాగానే ఉంది.

ఇప్పుడు ఆర్‌క్యూడీ. పదిహేడు ముక్కల్లో పది సెంటీమీటర్లు దాటినవి మూడే: 11, 12, 13. కూడితే 36. దాన్ని 150తో భాగిస్తే 24 శాతం, చాలా పేలవం. మిగిలిన వాటిలో ఐదు ముక్కలు సరిగ్గా 9 సెంటీమీటర్ల పొడవున ఉన్నాయనుకుందాం. అవి ఒక్కో సెంటీమీటరు పొడవుగా ఉండి ఉంటే ఆర్‌క్యూడీ 57కి ఎక్కేది, రెండు తరగతులు దాటి మధ్యస్థం అయ్యేది. బండలో పెద్ద తేడా ఏమీ లేదు. పొరల మందం పది సెంటీమీటర్ల గీతకు అటూ ఇటూ ఉన్న చోట ఈ సూచిక ఇలాగే ఊగిసలాడుతుంది. అలాంటి చోట ఆర్‌క్యూడీ అంకెతో పాటు ముక్కల పొడవుల జాబితా, పెట్టె ఫొటో కూడా అడిగి చూడటం మంచిది.

ఇదే బండకు ఆర్‌ఎంఆర్ వేద్దాం. ఈ పద్ధతిని దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్న రోజుల్లో బీనియావ్‌స్కీ 1973లో ప్రతిపాదించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1989 నాటి రూపం. మన దేశంలో భారతీయ ప్రమాణాల కోడ్ ఐఎస్ 13365 మొదటి భాగం దీన్ని వివరిస్తుంది. ఐదు అంశాలకు మార్కులు వేసి కూడాలి.

మొదటిది రాయి బలం. ఈ సున్నపురాయి 80 మెగాపాస్కల్ దగ్గర నలుగుతుందనుకుంటే 7 మార్కులు. ఇక్కడొక చిక్కుంది. బలం పరీక్షకు వ్యాసానికి కనీసం రెండింతల పొడవున్న ముక్క కావాలి, అంటే దాదాపు 11 సెంటీమీటర్లు. ఈ పెట్టెలో ఆ మూడు ముక్కలే దానికి పనికొస్తాయి, అవేమో అన్నిటికంటే గట్టివి. మిగతా వాటికి పాయింట్ లోడ్ పరీక్ష చేస్తే గాని సగటు బలం తెలియదు.

రెండోది ఆర్‌క్యూడీ. 25 లోపు కాబట్టి 20కి 3 మార్కులు. మూడోది పగుళ్ల మధ్య దూరం. సగటున 8 సెంటీమీటర్లు, దానికి 8 మార్కులు. నాలుగోది పగుళ్ల స్థితి. అన్నిటికంటే బరువైనది ఇదే, 30 మార్కులు. పొరలు ఒకదానికొకటి బిగుసుకుని, ముఖం కాస్త గరుగ్గా, పెద్దగా శిథిలం కాకుండా ఉంటే 25. ఐదోది నీరు. బండ చెమ్మగా ఉంటే 10. మొత్తం 53. పొరలు ఏ వాలులో ఉన్నాయో చూసి చివర్లో కొన్ని మార్కులు తీసేస్తారు. పొరలు దాదాపు సమతలంగా ఉంటే పునాదికి చాలా అనుకూలం, తీసేయాల్సింది లేదు. 53 అంటే మూడో తరగతి, మధ్యస్థమైన బండ.

పొరలు పలుచనైనా నిలువు భారం వాటిని ఇంకా బిగిస్తుందే తప్ప విడదీయదు. నున్నటి అట్టల పుస్తకాలను దొంతరగా పేర్చి పైనుంచి నొక్కితే ఏమీ కాదు, పక్కకు తోస్తేనే జారుతాయి. పొరలు లోయ వైపు వాలి ఉన్న కొండ అంచున ఆ పక్క తోపు ఉంటుంది. అక్కడ ఇదే బండకు 15 మార్కులో 25 మార్కులో కోత పడుతుంది.

పెట్టెలోకి రాని తొమ్మిది సెంటీమీటర్లు

పైలెక్కలో ఒక మాట ఊరికే ఒప్పుకున్నాం: పొరలు బిగుసుకుని ఉన్నాయని. 150 తవ్వితే 141 వచ్చింది. మిగిలిన 9 సెంటీమీటర్లు ఏమయ్యాయి? కోర్ నివేదికల్లో చాలామంది దాటేసే ప్రశ్న ఇది. రాయి నలిగి పోయి ఉండవచ్చు. పొరల మధ్య ఉన్న మెత్తటి మట్టిని బోరు నీళ్లు కడిగేసి ఉండవచ్చు. మట్టి కడుక్కుపోతే ముక్కలు మాత్రం శుభ్రంగా, గట్టిగా పెట్టెలో కూర్చుంటాయి. ఆర్‌క్యూడీకి దాంతో పనిలేదు, 24 శాతం అలాగే ఉంటుంది.

మళ్లీ ఆ పెట్టె దగ్గరికే వెళ్దాం. 4.1 మీటర్ల లోతుకు సంబంధించిన రెండు ముక్కలు ఒకదానితో ఒకటి అతకడం లేదు. రెండింటి ముఖాల మీదా పలుచని ఎర్ర మట్టి పూత ఉంది, గోటితో గీస్తే వస్తోంది. బోరు డ్రిల్లర్ రాసుకున్న పుస్తకంలో ఆ లోతున నీళ్లు ఎర్రగా మారాయని, రాడ్డు ఒక్కసారిగా సులువుగా దిగిందని ఉంది. పక్కన గుంత తవ్వి చూస్తే అదే లోతున రెండు సెంటీమీటర్ల మందాన తడి మట్టి పొర గోడ పొడుగునా కనిపించింది.

ఇప్పుడు మార్కులు మళ్లీ వేయాలి. రాయి బలం 7, ఆర్‌క్యూడీ 3, దూరం 8, వీటిలో మార్పు లేదు. పగుళ్ల మధ్య 5 మిల్లీమీటర్లు దాటిన మెత్తటి మట్టి ఆగకుండా సాగుతోంది కాబట్టి పగుళ్ల స్థితికి 25 పోయి సున్నా. నీరు తడి స్థాయికి చేరింది కాబట్టి 7. మొత్తం 25. బండ నాలుగో తరగతికి, పేలవానికి పడిపోయింది. అదే కోర్, అదే ఆర్‌క్యూడీ. సగానికి పైగా మార్కులు ఒక్క మట్టి పొరతో పోయాయి.

ఒకే బండకు నాలుగు అంకెలు

భారం అంకె ఎలా వస్తుందన్నది చూస్తే ఈ తేడా ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. అనుమతించే భారాన్ని ఎంచుకోవడానికి వాడుకలో ఉన్న దారులు ఒకటికి మించి ఉన్నాయి.

రాతి పేరుతో సరిపెట్టే పట్టిక పాతది. ఐఎస్ 1904లో పొరలున్న, మంచి స్థితిలోని ఇసుకరాయికీ సున్నపురాయికీ చదరపు మీటరుకు సుమారు 165 టన్నులని ఉండేది. ‘మంచి స్థితిలోని’ అన్న మాట దగ్గర చాలామంది ఆగరు.

రెండో దారి ఆర్‌క్యూడీ నుంచి నేరుగా భారానికి వెళ్లడం. పెక్, హాన్సన్, థోర్న్‌బర్న్ 1974లో ఇచ్చిన పట్టిక ప్రకారం ఆర్‌క్యూడీ 25 ఉంటే చదరపు అడుగుకు 30 అమెరికన్ టన్నులు, అంటే చదరపు మీటరుకు దాదాపు 290 టన్నులు. ‘చాలా పేలవం’ అన్న బండకే ఇంత ఇవ్వడం వింతగా ఉంటుంది. కానీ ఆ పట్టికకు ఒక షరతు ఉంది: పగుళ్లు బిగుసుకుని ఉండాలి, లేదా అతి సన్నగా మాత్రమే తెరుచుకుని ఉండాలి. మట్టి నిండిన పగుళ్లకు అది వర్తించదు. షరతు వదిలేసి అంకె ఒక్కటే నకలు చేసుకుంటే ప్రమాదం ఇక్కడే.

మూడోది, రాళ్ల మీద లోతు తక్కువ పునాదుల కోసం ఉన్న ఐఎస్ 12070లో ఆర్‌ఎంఆర్ ఆధారంగా ఇచ్చిన పట్టిక. 41 నుంచి 60 మధ్య ఉంటే భారం ఇంచుమించు 140 నుంచి 280 టన్నుల దాకా పెరుగుతుంది. 21 నుంచి 40 మధ్య అయితే దాదాపు 50 నుంచి 140 దాకా. మన బండకు బిగువైన పొరలతో 53 వచ్చినప్పుడు భారం 225 టన్నుల దరిదాపుల్లో తేలుతుంది. మట్టి పొరతో 25 వచ్చినప్పుడు 65 టన్నుల దగ్గర. పునాది కుంగుబాటు 12 మిల్లీమీటర్లు దాటకూడదన్న ఆలోచనతో ఉన్న అంకెలివి. బండ విరిగే హద్దుతో వీటికి నేరు సంబంధం లేదు.

రాయి బలాన్ని పగుళ్ల దూరంతో తగ్గించి లెక్కగట్టే సూత్రం కూడా అదే కోడ్‌లో ఉంది. పగుళ్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లకు పైన ఉంటేనే అది చెల్లుతుంది. 8 సెంటీమీటర్ల పొరలకు దాన్ని వాడకూడదు. వాడిన నివేదిక కనిపిస్తే ప్రశ్నించవచ్చు.

అంటే పొరలు బిగుసుకున్నాయనుకుంటే 165, 225, 290. మట్టి పొర ఉందని తేలితే 65. ఒక స్తంభం నుంచి 300 టన్నుల బరువు దిగుతోందనుకుంటే, 225 మీద స్తంభం కింద 1.2 మీటర్ల చదరపు కాంక్రీటు పాదం సరిపోతుంది, 65 మీద 2.2 మీటర్లు కావాలి. రెండంతస్తుల ఇంటి స్తంభానికి ఈ తేడాతో పనిలేదు. మామూలుగా వేసే పాదం కింద ఒత్తిడి 65 టన్నులకు చాలా లోపే ఉంటుంది. కాబట్టి ప్రతి ఇంటికీ కోర్ తీయించాలని ఒత్తిడి చేయడం దండగ ఖర్చే.

ఏ లోతు బండకు మార్కులు వేయాలి?

బోరులో ప్రతి విడతకూ ఒక ఆర్‌ఎంఆర్ వస్తుంది. అన్నిటి సగటు తీసి ఒక్క అంకె రాయడం చూస్తుంటాం, అది సరికాదు. పునాది అడుగు నుంచి దాని వెడల్పంత లోతు దాకా ఉన్న బండను చూడాలి. ఆ లోతులో పై నాలుగో వంతు బండ నాసిగా ఉంటే ఆ నాసి బండ అంకెనే తీసుకోవాలి, లేదా దాన్ని తీసేసి కాంక్రీటు నింపాలి.

మన ఉదాహరణలో మట్టి పొర పునాది అడుగుకు 1.1 మీటర్ల కింద ఉంది. 2.2 మీటర్ల పాదానికి అది సరిగ్గా ప్రభావం పడే లోతులోనే ఉంది. 1.2 మీటర్ల చిన్న పాదం వేసినా దాని వెడల్పు లోపలే ఉంటుంది. రెండు దారులున్నాయి. 65 టన్నులకు ఒప్పుకుని పెద్ద పాదం వేయడం ఒకటి. 4.2 మీటర్ల దాకా తవ్వి మట్టి పొరను దాటి, గట్టి పొర మీద కూర్చోవడం రెండోది. నాపరాయిని పలుగుతో పొరలు పొరలుగా లేపవచ్చు కాబట్టి రెండో దారి గ్రానైట్‌లో అయినంత కష్టం కాదు, పేలుడు పదార్థాల అవసరం రాకపోవచ్చు. అయితే కింద ఇంకో మట్టి పొర లేదని తేలాకే ఆ నిర్ణయం తీసుకోవాలి. లేకపోతే తవ్విన ఖర్చు, పెరిగిన భారం రెండూ నెత్తిన పడతాయి. అడుగు తేలాక ఆ కొత్త బండకు మార్కులు మళ్లీ వేయాలి. 225 దానంతటదే తిరిగి రాదు.

ఆర్‌ఎంఆర్‌కూ బలహీనత లేకపోలేదు. ఆర్‌క్యూడీ, పగుళ్ల దూరం రెండూ ఒక రకంగా ఒకే సంగతిని కొలుస్తాయి. పలుచని పొరల బండకు అదే తప్పుకు రెండుసార్లు మార్కులు కోసినట్టవుతుంది. పైన చెప్పిన ఐదు ముక్కలు ఒక్కో సెంటీమీటరు పొడవై ఉంటే ఆర్‌క్యూడీకి 3 బదులు 13 పడి, మొత్తం 63కి చేరి, బండ ఏకంగా ‘మంచి’ తరగతిలోకి వచ్చేసేది. మెట్ల పట్టిక బదులు బీనియావ్‌స్కీ ఇచ్చిన వాలు గీతల చార్టులు వాడితే ఈ గెంతు కొంత తగ్గుతుంది. 53 అన్న అంకెను 53గా కాకుండా 48 నుంచి 58 మధ్య ఎక్కడో ఉన్నదిగా చదవడం నిజానికి దగ్గర.

అనంతపురం వైపు లెక్క తిరగబడుతుంది

అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైట్, గ్నైస్ నేల. అక్కడ బోరుకు చిక్కే సమస్య వేరు. గ్రానైట్‌లో నిలువు పగుళ్లు మామూలు. నిలువు బోరు రెండు నిలువు పగుళ్ల మధ్య నుంచి దిగిపోతే ఒక్కదాన్నీ కోయదు, ఆర్‌క్యూడీ 95 వస్తుంది. ఆ పగుళ్ల వెంట నీళ్లు దిగి రాయి మెత్తబడి ఉన్నా నివేదికకు తెలియదు. అనుమానం ఉంటే ఒక బోరునైనా ఏటవాలుగా వేయించాలి.

ఇంకా మోసం చేసేది గుండు. అక్కడ గ్రానైట్ శిథిలమయ్యేటప్పుడు మధ్యలో గట్టి గుండ్లు మిగిలి, చుట్టూ మొరం అవుతుంది. గుట్టల మీద కనిపించే గుండ్లకు నేల లోపల కూడా తోబుట్టువులుంటాయి. బోరు అలాంటి గుండులో పడితే రెండు మూడు మీటర్ల దాకా కోర్ నిండుగా వస్తుంది. ఆర్‌క్యూడీ నూరు, ఆర్‌ఎంఆర్ 80కి దగ్గర. ‘గట్టి బండలో మూడు మీటర్లు తవ్వి ఆపాలి’ అన్న మామూలు నిబంధన ప్రకారం బోరు ఆపేస్తారు. గుండు కింద మొరం ఉందని ఎవరికీ తెలియదు. దీన్ని పట్టే పద్ధతి పక్క బోర్లతో పోల్చడం. పది మీటర్ల దూరంలో ఒక బోరులో బండ 2 మీటర్లకే తగిలి, ఇంకోదాంట్లో 7 మీటర్లకు గాని తగలకపోతే మొదటిది గుండేమోనని చూడాలి, ఇంకా లోతుకు వెళ్లాలి.

మార్కులకు అందని బోలు

నాపరాయికి తిరిగి వస్తే, ఆర్‌క్యూడీకీ ఆర్‌ఎంఆర్‌కూ రెండింటికీ అందనిది ఒకటుంది. సున్నపురాయి నీళ్లకు కొద్దికొద్దిగా కరుగుతుంది. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా సాగే బెలుం గుహలు ఈ రాతిలో నీళ్లు తొలిచినవే. అంత పెద్దవి అరుదు గాని, అడుగు రెండడుగుల బోలు ఈ బండలో ఎక్కడైనా ఉండవచ్చు. బోలు మార్కులు తగ్గించే అంశం కాదు, ఆర్‌ఎంఆర్ పట్టికలో దానికి గడే లేదు. బోరులో రాడ్డు ఉన్నట్టుండి జారిందా, పైకి రావాల్సిన నీళ్లు ఒక్కసారిగా మాయమయ్యాయా అన్నవే దాని ఆనవాళ్లు. ఇవి కోర్ పెట్టెలో ఉండవు, డ్రిల్లర్ పుస్తకంలో ఉంటాయి.

నాలుగు స్తంభాలకు రెండు బోర్లు వేసి ఆర్‌ఎంఆర్ ఇచ్చినా, మిగతా రెండు స్తంభాల కింద ఏముందో ఆ నివేదిక చెప్పలేదు. గుంతలు తవ్వాక ప్రతి పాదం అడుగునా జాక్‌హ్యామర్‌తో సన్నని రంధ్రాలు వేసి, పాదం వెడల్పుకు తగ్గని లోతు దాకా చూడటం ఈ ప్రాంతంలో తప్పనిసరి చేసుకోవాల్సిన పని. కోర్ తీసే ఖర్చులో అది చిన్న భాగమే. రంధ్రం ఒక్కచోట సులువుగా దిగినా ఆ పాదానికి కాంక్రీటు వేయడం ఆపి, లోపల ఉన్నది మట్టా, బోలా తేల్చుకోవాలి. బోలు అయితే దాని దాకా తవ్వి కాంక్రీటుతో పూడ్చాలి, లేదా గ్రౌట్ ఎక్కించి మళ్లీ రంధ్రం వేసి చూడాలి. ట్యాంకు పునాది చుట్టూ లీకు నీళ్లు నిలవకుండా కాలువ పెట్టడం కూడా డిజైన్‌లోనే రాయాలి, ఎందుకంటే ఈ రాయిని తొలిచేది ఆ నీళ్లే.